టాస్కులు తీసుకునే ముందు స్ప్రింట్ కెపాసిటీ లెక్క తేల్చుకోవడం ఎలా?

స్ప్రింట్ ప్లానింగ్‌లో ఏ టాస్కుకి ఎన్ని గంటలు పడుతుందనే దాని మీద గంటల తరబడి మాట్లాడుకుంటాం. మన చేతిలో ఎన్ని గంటలున్నాయనేది మాత్రం "అయిదుగురం ఉన్నాం, పది రోజులు" అనే ఒక్క మాటతో తేల్చేస్తాం. రెండో వారం వచ్చేసరికి ఒకరు లీవ్‌లో ఉంటారు, ఇంకొకరు సపోర్ట్ టికెట్లతో తలమునకలై ఉంటారు, టెస్టింగ్ అంతా చివరి రెండు రోజుల మీద పడుతుంది. ఇవేవీ అనుకోకుండా వచ్చినవి కావు, చాలావరకు ప్లానింగ్ రోజుకే తెలిసినవే. వాటిని కాగితం మీద పెట్టకపోవడం వల్లే వచ్చిన టెన్షన్ ఇది.

ఒక టీమ్‌ని తీసుకుని లెక్క మొత్తం చేసి చూద్దాం. రెండు వారాల స్ప్రింట్, అంటే 10 పనిదినాలు. టీమ్‌లో అయిదుగురు: బ్యాకెండ్ పని కూడా చేసే లీడ్, సీనియర్ బ్యాకెండ్ డెవలపర్, జూనియర్ బ్యాకెండ్ డెవలపర్, ఫ్రంటెండ్ డెవలపర్, టెస్టర్. రోజుకి 8 గంటల చొప్పున పైపైన లెక్కేస్తే 400 గంటలు. ఇందులో టాస్కుల మీద పెట్టగలిగేవి ఎన్నో ఒక్కో మెట్టుగా తీసేస్తూ చూద్దాం.

ముందు క్యాలెండర్ తెరవండి

ప్లానింగ్ మీటింగ్‌కి ఒకటి రెండు రోజుల ముందే ఈ పని చేయాలి. మీటింగ్‌లో కూర్చున్నాక "ఎవరికైనా లీవులున్నాయా?" అని అడిగితే సగం మందికి గుర్తురాదు. ఒక షీట్‌లో అడ్డంగా స్ప్రింట్‌లోని పది రోజులు, నిలువుగా మనుషులు పెట్టి, లేని రోజుల గళ్లు నింపమని ఎవరిది వాళ్లకే వదిలేయండి. సెలవు రోజులు మీరే నింపండి. టీమ్ రెండు మూడు చోట్ల నుంచి పనిచేస్తుంటే ఒక చోట సెలవు ఇంకో చోట ఉండకపోవచ్చు, అందుకే సెలవుని కూడా మనిషి వారీగానే వేయాలి.

లీవు అనగానే అప్లై చేసినవే గుర్తొస్తాయి. పూట లీవులు, కాంప్ ఆఫ్‌లు, ట్రైనింగ్ రోజులు, వేరే టీమ్‌కి రెండు రోజులు అప్పిచ్చిన మనిషి, ఇవన్నీ కూడా గళ్లలోకి రావాలి. కొత్తగా చేరినవాళ్లుంటే వాళ్లని సగం మనిషిగా వేసి ఊరుకోవద్దు. వాళ్లకి పని నేర్పించేవాళ్ల టైమ్ కూడా తగ్గించాలి. ఈ రెండో భాగాన్ని దాదాపు అందరూ మర్చిపోతారు.

మన టీమ్‌లో 7వ రోజు, అంటే రెండో వారం మంగళవారం, అందరికీ సెలవు. సీనియర్ బ్యాకెండ్ డెవలపర్ 4, 5 రోజుల్లో లీవ్. టెస్టర్ 9వ రోజు లీవ్. కేవలం "మొత్తం 3 రోజుల లీవులు" అని రాసుకుంటే సరిపోదు, ఏ రోజో కూడా ఉండాలి. అది ఎందుకో కింద టాస్కులు పంచేటప్పుడు తెలుస్తుంది.

సపోర్ట్ డ్యూటీని ఊహించకండి, పాత టికెట్లు చూడండి

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. సపోర్ట్‌లో ఉన్న మనిషిని కొందరు పూర్తిగా లెక్కలో వేసేస్తారు, "టికెట్లు వస్తే చూసుకుంటాడులే" అని. కొందరు అసలు లెక్కలోకే తీసుకోరు. ఈ రెండింటి మధ్య మీ టీమ్ ఎక్కడ ఉందో చెప్పగలిగేది పాత రికార్డులే.

గత మూడు సపోర్ట్ వారాల టికెట్లు తీయండి. ఒక్కో వారంలో డ్యూటీలో ఉన్న మనిషికి టికెట్ల మీద ఎన్ని గంటలు పోయాయో కూడండి. గంటలు రాసుకునే అలవాటు లేకపోతే ఆ మనిషినే అడగండి, ఉజ్జాయింపు చాలు. మన టీమ్‌లో 11, 14, 19 గంటలు వచ్చాయి అనుకుందాం. సపోర్ట్ వారంలో టాస్కులకు దొరికే టైమ్ సుమారు 30 గంటలు (రోజుకి 6 గంటలు ఎందుకో కాసేపట్లో చెప్తాను). అంటే దాదాపు సగం టికెట్లకే పోతోంది. కాబట్టి సపోర్ట్‌లో ఉన్న ఒక్కో రోజుని అరరోజుగా లెక్కేస్తాం.

రికార్డులేవీ లేకపోతే మొదటి స్ప్రింట్‌కి ఆ మనిషిని సున్నా అనుకోండి. టైమ్ మిగిలితే బ్యాక్‌లాగ్‌లోంచి చిన్న పనులు తీసుకుంటారు. సున్నా అని మొదలుపెట్టి పైకి సరిదిద్దుకోవడం తేలిక, నిండుగా వేసి స్ప్రింట్ మధ్యలో కోసుకోవడం కష్టం. ఇంకో సంగతి: పెద్ద రిలీజ్ అయిన మరుసటి వారం టికెట్లు మామూలు కన్నా ఎక్కువ వస్తాయి. మీ స్ప్రింట్‌లో అలాంటి వారం ఉంటే సగటు కాకుండా ఆ మూడింటిలో పెద్ద అంకెనే తీసుకోండి. రాత్రి కాల్స్ కూడా చూసే డ్యూటీ అయితే, నిద్ర చెడిన మరుసటి పొద్దున్న పని నడవదని తెలుసు కదా, ఆ పూట కూడా తీసేయండి.

మన టీమ్‌లో మొదటి వారం జూనియర్ బ్యాకెండ్ డెవలపర్‌కి సపోర్ట్, అంటే 5 రోజులు. రెండో వారం ఫ్రంటెండ్ డెవలపర్‌కి. సెలవు పోను అది 4 రోజులు.

మీటింగులు కూడండి

ఇది ఊహించాల్సిన పని కాదు, క్యాలెండర్‌లో ఉన్నదే. స్టాండప్ రోజూ 15 నిమిషాలు, 9 రోజులకి రెండుంబావు గంటలు. ప్లానింగ్ రెండున్నర గంటలు, రిఫైన్‌మెంట్ వారానికి గంట చొప్పున 2 గంటలు, రివ్యూ గంట, రెట్రో గంట, డిపార్ట్‌మెంట్ మీటింగ్ గంట. మొత్తం 9 గంటల 45 నిమిషాలు, 10 అనుకుందాం. సీనియర్ రెండు రోజులు ఉండరు కాబట్టి రెండు స్టాండప్‌లు తగ్గి 9 అవుతుంది.

ఇవి అందరికీ ఉండేవి. వీటి పైన ఒక్కొక్కరికీ విడిగా ఉండేవి కలపాలి. ఫ్రంటెండ్ డెవలపర్‌కి డిజైనర్లతో ఇంకో 3 గంటలున్నాయి, మొత్తం 13. లీడ్ క్యాలెండర్ తెరిస్తే ఇంటర్వ్యూలు, వేరే టీమ్‌లతో మాటలు, విడివిడిగా టీమ్‌మేట్స్‌తో కూర్చోవడం కలిపి 14 గంటలు ఎక్కువ తేలింది, మొత్తం 24. లీడ్‌ని మిగతావాళ్లతో సమానంగా లెక్కేసే టీమ్‌లలో లీడ్ టాస్కులే ఎప్పుడూ తర్వాతి స్ప్రింట్‌లోకి జారుతుంటాయి. అది ఆ మనిషి బద్ధకం కాదు, లెక్కలో లోపం.

రోజుకి 8 కాదు, 6

క్యాలెండర్‌లో కనపడకుండా పోయే టైమ్ ఒకటుంది. మెయిల్స్, చాట్, పక్కవాళ్ల సందేహాలు, బిల్డ్ ఆగిపోవడం, టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ పడిపోవడం, ఒక పనిలోంచి ఇంకో పనిలోకి మారేటప్పుడు పోయే నిమిషాలు. దీనికి రోజుకి 2 గంటలు తీసేసి 6తో మొదలుపెట్టండి. ఇది ఎక్కడా శాసనం కాదు. చాలా టీమ్‌లు మొదలుపెట్టే అంకె మాత్రమే, మీ అంకె రెండు మూడు స్ప్రింట్ల తర్వాత తేలుతుంది.

ఇక్కడ ఒక విషయం టీమ్ అంతా ముందే మాట్లాడుకోవాలి: కోడ్ రివ్యూ ఎందులోకి వస్తుంది? టాస్క్ ఎస్టిమేట్‌లోనే కలిపితే ఈ 2 గంటల్లో మళ్లీ వేయకూడదు. కలపకపోతే 2 గంటలు సరిపోవు. నా మటుకు ఎస్టిమేట్‌లో కలపడమే మంచిదనిపిస్తుంది. ఎందుకంటే పెద్ద టాస్కుకి రివ్యూ కూడా పెద్దదే.

ఇప్పుడు షీట్‌లో ఒక్కో మనిషికీ ఒక వరస. `B`లో సెలవు పోను పనిదినాలు, `C`లో లీవు రోజులు, `D`లో సపోర్ట్ రోజులు, `E`లో సపోర్ట్‌కి పోయే వాటా, `F`లో మీటింగ్ గంటలు వేస్తే ఫార్ములా ఇది:

```
=(B2-C2-D2*E2)*6-F2
```

| ఎవరు | పనిదినాలు | లీవు | సపోర్ట్ రోజులు | వాటా | మీటింగులు | మిగిలిన గంటలు |
|---|---|---|---|---|---|---|
| లీడ్ | 9 | 0 | 0 | 0.5 | 24 | 30 |
| సీనియర్ బ్యాకెండ్ | 9 | 2 | 0 | 0.5 | 9 | 33 |
| జూనియర్ బ్యాకెండ్ | 9 | 0 | 5 | 0.5 | 10 | 29 |
| ఫ్రంటెండ్ | 9 | 0 | 4 | 0.5 | 13 | 29 |
| టెస్టర్ | 9 | 1 | 0 | 0.5 | 10 | 38 |

మొత్తం 159 గంటలు. 400 అనుకున్న చోట నలభై శాతమే మిగిలింది. మొదటిసారి ఈ అంకె చూపిస్తే మేనేజర్లు నమ్మరు, "మరీ ఇంత తక్కువా?" అంటారు. అప్పుడు వాదించకుండా షీట్ తెరిచి, ఏ గడిలో అంకె మార్చమంటారో అడగండి. లీవు రద్దు చేయలేరు, సెలవు తీసేయలేరు. మీటింగులు మాత్రం తగ్గించగలరు. నిజానికి చాలాసార్లు ఈ షీట్ చూశాకే లీడ్ మీద ఉన్న రెండు మీటింగులు ఇంకొకరికి మారతాయి.

అజూర్ డెవాప్స్ వాడేవాళ్లకి స్ప్రింట్ పేజీలో `Capacity` ట్యాబ్ ఉంటుంది. మనిషికి రోజుకి ఎన్ని గంటలు, ఏ రోజులు ఉండరు అనేవి అందులో వేయొచ్చు. కానీ మీటింగులు, సపోర్ట్ అది తనంతట తీసేయదు. రోజు గంటలు తగ్గించి మీరే అందులో సర్దాలి. ఉదాహరణకి మన జూనియర్‌కి 29 గంటలు, 9 రోజులు, అంటే రోజుకి 3.2 అని వేయాలి. అక్కడ 6 అని వదిలేస్తే బార్ పచ్చగానే కనిపిస్తుంది, పని మాత్రం అవదు.

నింపడానికి ముందు కొంత పక్కన పెట్టండి

ఉన్న గంటలన్నీ నింపేస్తే, ఒకరికి జ్వరం వచ్చినా స్ప్రింట్ కూలుతుంది. 15 శాతం పక్కన పెట్టండి. మన లెక్కలో 159కి 135 గంటలు మిగులుతాయి. సపోర్ట్‌ని ముందే తీసేశాం కాబట్టి ఈ 15 శాతం సపోర్ట్ కోసం కాదు, తెలియని వాటి కోసం. రెండింటినీ ఒకే ఖాతాలో వేస్తే దేనికి ఎంత పోయిందో తర్వాత తెలియదు.

మొత్తం చూసి మోసపోకండి

ఇప్పుడు టాస్కులు. ప్రాడక్ట్ ఓనర్ తెచ్చిన వరసలో అయిదు స్టోరీలున్నాయి:

| స్టోరీ | బ్యాకెండ్ | ఫ్రంటెండ్ | టెస్టింగ్ |
|---|---|---|---|
| పేమెంట్ ఫెయిలైతే మళ్లీ ప్రయత్నించడం | 24 | 4 | 8 |
| ఇన్వాయిస్ డౌన్‌లోడ్ పేజీ | 14 | 16 | 8 |
| సెర్చ్ ఫిల్టర్లు | 10 | 14 | 6 |
| నెమ్మదిగా వచ్చే రిపోర్ట్ బాగుచేయడం | 18 | 0 | 5 |
| లాగిన్ ఆడిట్ లాగ్ | 16 | 0 | 4 |

అన్నీ కూడితే 147 గంటలు. పక్కన పెట్టింది మర్చిపోయి చూస్తే చేతిలో ఉన్నవి 159. "ఇంకా 12 గంటలు మిగిలాయి, తీసేసుకుందాం" అనేది సరిగ్గా ఇక్కడే. కానీ నిలువుగా కూడి చూడండి: ఫ్రంటెండ్ పని 34 గంటలు, ఫ్రంటెండ్ డెవలపర్‌కి ఉన్నవి 29, పక్కన పెట్టింది పోతే 25. బ్యాకెండ్‌లో మిగిలిన గంటలు పోసి ఫ్రంటెండ్ లోటు పూడ్చలేం, బ్యాకెండ్ వాళ్లలో ఎవరికైనా ఆ పని నిజంగా వస్తే తప్ప.

కాబట్టి ఫ్రంటెండ్ ఎక్కువ ఉన్న రెండు స్టోరీల్లో ఒకటి ఆగాలి. ఏది ఆగాలో టీమ్ తేల్చకూడదు, ప్రాడక్ట్ ఓనర్‌నే అడగాలి. మన టీమ్‌లో సెర్చ్ ఫిల్టర్లు తర్వాతి స్ప్రింట్‌కి వెళ్లాయి. ఇప్పుడు బ్యాకెండ్ 72, ఫ్రంటెండ్ 20, టెస్టింగ్ 25. ఫ్రంటెండ్‌లో ఇంకో 5 గంటల చోటుంది కాబట్టి 4 గంటల చిన్న బగ్ ఒకటి తీసుకుంటారు, దాని టెస్టింగ్ 2 గంటలు. "సెర్చ్‌లో బ్యాకెండ్ భాగమైనా చేసేద్దాం" అని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకండి. వాడుకలోకి రాని సగం పని చేతిలో పెట్టుకుని, టెస్టర్‌కి దాన్ని ఎలా చూడాలో తెలియక, తర్వాతి స్ప్రింట్‌లో మళ్లీ తెరుస్తారు.

ఇప్పుడు రోజుల మీద పరిచి చూడండి

ఈ మెట్టు చాలా టీమ్‌లు ఎక్కవు. గంటలు సరిపోయాయి కదా అని ఆగిపోతారు. కానీ గంటలు ఏ రోజుల్లో ఉన్నాయన్నది వేరే ప్రశ్న.

ఫ్రంటెండ్ డెవలపర్‌ని చూడండి. ఆయన రెండో వారం సపోర్ట్‌లో ఉంటాడు. 29 గంటల్లో దాదాపు 22 మొదటి వారంలోనే ఉన్నాయి, రెండో వారంలో 7. కాబట్టి ఇన్వాయిస్ పేజీ, పేమెంట్ స్క్రీన్ మార్పు రెండూ మొదటి వారంలోనే అయిపోవాలి, బగ్ రెండో వారానికి వదలొచ్చు. ఇన్వాయిస్ పేజీ మొదటి వారంలో కావాలంటే దాని ఏపీఐ త్వరగా రావాలి. దాన్ని ఎవరికివ్వాలి? జూనియర్ ఆ వారం సపోర్ట్‌లో ఉన్నాడు. సీనియర్ 3వ రోజు దాకా ఉంటారు. మూడు రోజులకి 18 గంటలు, ప్లానింగ్, స్టాండప్‌లు పోను సుమారు 15. ఇన్వాయిస్ బ్యాకెండ్ 14 గంటలు. సరిపోతుంది, కానీ కాస్త బిగుతుగా. అందుకే మొదటిరోజే ఇద్దరూ కూర్చుని ఏపీఐ ఇచ్చే డేటా ఎలా ఉంటుందో రాసుకుంటే, ఫ్రంటెండ్ పని నకిలీ డేటాతో అప్పుడే మొదలవుతుంది.

పేమెంట్ స్టోరీలోని 24 గంటల బ్యాకెండ్ పని సీనియర్‌కిచ్చి ఉంటే ఏమయ్యేది? 3వ రోజు సాయంత్రానికి సగంలో వదిలి లీవ్‌కి వెళ్లేవారు. తిరిగొచ్చేది 6వ రోజు, ఆ తర్వాతి రోజు సెలవు. టెస్టర్ చేతికి 9వ రోజుకి అందేది, ఆ రోజు టెస్టర్ లీవ్. మొత్తం గంటల లెక్కలో ఇందులో ఏదీ కనపడదు. అందుకే ఆ పని లీడ్‌కి ఇచ్చాం, ఆయన 30లో 24. సీనియర్‌కి ఇన్వాయిస్ 14, వచ్చాక రిపోర్ట్ పనిలో 12, మొత్తం 26. జూనియర్‌కి ఆడిట్ లాగ్ 16, రిపోర్ట్‌లో మిగిలిన 6, మొత్తం 22. ఎవరూ అంచు దాకా నిండలేదు.

టెస్టర్‌కి రెండో వారంలో 6, 8, 10 రోజులే ఉన్నాయి, 10వ రోజు రెండు గంటలు రివ్యూ, రెట్రోలకే పోతాయి. కాబట్టి ఈ స్ప్రింట్‌లో 8వ రోజు మధ్యాహ్నం తర్వాత టెస్టింగ్‌కి కొత్తగా ఏదీ రాకూడదని బోర్డు మీదే రాసిపెట్టండి. పేమెంట్ పని మీద దీని ఒత్తిడి ఎక్కువ. లీడ్‌కి మీటింగులున్నా, ఆ స్టోరీ ఆ తేదీకి అందేలా ఆయన వేరే పని ముట్టకుండా చూడాలి. ఏదో ఒక స్టోరీ అయినా 4, 5 రోజులకల్లా టెస్టర్ చేతికి రాకపోతే, రెండో వారం ఇరుకున పడబోతోందని అప్పుడే తెలుసుకోవచ్చు.

పాయింట్లతో పనిచేసే టీమ్ అయితే

ఒక పెద్ద తప్పు దగ్గర ఆగండి. గత స్ప్రింట్ల వెలాసిటీలో మీటింగులు, మెయిల్స్, చాట్ అన్నీ ముందే కలిసి ఉన్నాయి, ఆ అంతరాయాల మధ్యే ఆ పాయింట్లు పూర్తయ్యాయి. కాబట్టి వెలాసిటీలోంచి మళ్లీ మీటింగులు తీస్తే రెండుసార్లు తీసినట్టు. తీయాల్సింది ఈ స్ప్రింట్‌కి, పాత స్ప్రింట్లకి ఉన్న తేడా మాత్రమే.

మన టీమ్‌లో లీవు, సెలవు, సపోర్ట్ పోను ఈసారి మనిషి-రోజులు 37.5. గత మూడు స్ప్రింట్లలో ఇదే పద్ధతిలో లెక్కేస్తే సగటు 45, వెలాసిటీ సగటు 30 పాయింట్లు అనుకుందాం. 37.5ని 45తో భాగించి 30తో గుణిస్తే 25. ఈ స్ప్రింట్‌కి అంతే. సపోర్ట్‌ని పాత స్ప్రింట్లలో తీయకుండా ఇప్పుడు మాత్రమే తీస్తే ఈ అంకె తప్పుగా తక్కువ వస్తుంది, రెండు వైపులా ఒకే పద్ధతి ఉండాలి. ఎవరి దగ్గర గంటలున్నాయి, ఏ రోజుల్లో ఉన్నాయి అనే పై రెండు మెట్లు మాత్రం పాయింట్లకి కూడా అలాగే వర్తిస్తాయి.

స్ప్రింట్ అయ్యాక రెండు నిలువు వరసలు కలపండి

రెట్రోకి ముందు అదే షీట్‌లో ఒక్కో మనిషి పక్కన "టాస్కులకు నిజంగా దొరికిన గంటలు" అని ఒకటి, "చేసిన టాస్కులకు ముందు వేసిన ఎస్టిమేట్" అని ఒకటి రాయండి. నిమిషాల లెక్క అక్కర్లేదు, పూట లెక్కలో చాలు. పని పూర్తి కాకపోవడానికి రెండు వేర్వేరు కారణాలుంటాయి, వాటిని విడదీయడానికే ఈ వరసలు.

జూనియర్‌కి 29 గంటలు దొరుకుతాయనుకుంటే 20 మాత్రమే దొరికాయి అనుకోండి. అది కెపాసిటీ తప్పు. సపోర్ట్ వాటా 0.5 కాదు, 0.8 అయి ఉంటుంది, షీట్‌లో అది మార్చాలి. అదే 29 గంటలూ దొరికి, 16 గంటలనుకున్న ఆడిట్ లాగ్ 26 పట్టిందనుకోండి. అది ఎస్టిమేట్ తప్పు, కెపాసిటీ అంకెల్ని ముట్టుకోనక్కర్లేదు. ఈ తేడా చూడకుండా "ఈసారి 15 శాతం బదులు 30 పక్కన పెడదాం" అనే టీమ్‌లు ఆ 30 కూడా అయిపోయాక మళ్లీ అక్కడే నిలబడతాయి. అందరి దగ్గరా వరసగా రెండు మూడు స్ప్రింట్లు దొరికిన గంటలు తక్కువే వస్తుంటే, మీ రోజు 6 కాదు 5 అన్నమాట. ఫార్ములాలో 6 తీసి 5 పెట్టండి.

ఈ అంకెల్ని ఎవరి పనితీరుకీ కొలతగా వాడనని లీడ్ ముందే చెప్పాలి, చెప్పినట్టే ఉండాలి. ఒక్కసారి "నీకు 29 దొరికాయి, 22 మాత్రమే చేశావేం?" అని అడిగితే చాలు, తర్వాతి స్ప్రింట్ నుంచి గళ్లలో అందరూ తమకు తక్కువ టైమ్ ఉన్నట్టే రాస్తారు, ఎస్టిమేట్లు పెంచేస్తారు. ఆ షీట్ ఇక ఎందుకూ పనికిరాదు.